ఇండెంట్ ఎన్ని రోజులుగా ఆగి ఉంది? ఆమోదాల ట్రాకర్‌లో ఒక్క వరుసకు ఆరు జవాబులు

సోమవారం ఉదయం కర్మాగారంలో జరిగే సమీక్షలో ఈ దృశ్యం మామూలే. ఒక పంపు విడిభాగం కోసం పెట్టిన ఇండెంట్ సంగతి వస్తుంది. పెట్టి 24 రోజులైందని మెయింటెనెన్స్ వారు అంటారు. తమ దగ్గరకు వచ్చి 4 రోజులే అయిందని ప్లాంట్ హెడ్ కార్యాలయం చెబుతుంది. పర్చేజ్ వారి తెర మీద మాత్రం 10 అని కనిపిస్తుంది. ముగ్గురూ ఆధారపడేది ఒకే సమాచారం మీద, ముగ్గురిలో ఎవరి లెక్కా తప్పు కాదు. ఏ దశలో ఉంది, ఎవరి దగ్గర ఉంది, ఎన్ని రోజులైంది అనే మూడు గడులతో చూడ్డానికి ఎంతో సులువుగా ఉండే ఆమోదాల ట్రాకర్‌లో ఆ మూడో గడి ఎందుకిన్ని అర్థాలిస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం.

## ముందుగా, ఇండెంట్ అంటే ఏమిటి

పర్చేజ్ రిక్విజిషన్ అనేది సరఫరాదారుకు ఇచ్చే ఆర్డరు కాదు. ఫలానా వస్తువు ఇన్ని కావాలి, ఫలానా తేదీకి కావాలి, ఖర్చు ఈ పద్దు కింద రాయండి అని ఒక విభాగం తన సంస్థలోనే పెట్టుకునే కోరిక అది. పాతవాళ్లు దీన్ని ఇండెంట్ అంటారు, కంప్యూటర్ వచ్చాక పీఆర్ అనే మాట కలిసింది. అది పెట్టినవారు ఇండెంటర్. ఆమోదాలన్నీ పూర్తయిన తరువాతే పర్చేజ్ విభాగం కొటేషన్లు పిలిచి పర్చేజ్ ఆర్డరు, అంటే పీఓ, ఇస్తుంది. డబ్బు ఇస్తామన్న మాటకు సంస్థ కట్టుబడేది పీఓతోనే. ఇండెంట్ ఎంత దూరం వెళ్లినా బయటివారికి దానితో సంబంధం లేదు.

మధ్యలో ఉండే దశలు సంస్థను బట్టి, విలువను బట్టి మారుతాయి. ఎంత మొత్తం వరకు ఎవరు ఆమోదించవచ్చో చెప్పే అధికారాల పట్టిక చాలా సంస్థల్లో ఉంటుంది. మన ఉదాహరణలో నాలుగు దశలు అనుకుందాం. మొదట విభాగాధిపతి ఈ వస్తువు నిజంగా అవసరమేనని సంతకం చేస్తారు. తరువాత స్టోర్స్ వారు ఈ వస్తువు గానీ, దీనికి బదులు పనికొచ్చేది గానీ నిల్వలో లేదని చెబుతారు. ఆపైన ఫైనాన్స్ వారు పద్దులో డబ్బుందో లేదో చూస్తారు. చివరగా విలువ ఒక లక్ష దాటింది కనుక ప్లాంట్ హెడ్ ఆమోదం కావాలి.

## ఒక మెకానికల్ సీల్ ప్రయాణం

ఉదాహరణకు పంపులో వేసే రెండు మెకానికల్ సీళ్లు, అంచనా విలువ 1,84,000 రూపాయలు. ఇండెంట్ పెట్టింది 2025 జనవరి 3, శుక్రవారం. ఈ కర్మాగారానికి ఆదివారం సెలవు, సంక్రాంతికి 13, 14, 15 తేదీలు సెలవు. మనం ట్రాకర్ తెరిచి చూస్తున్నది జనవరి 27, సోమవారం. ఈలోపు కాగితం ఇలా నడిచింది.

| ఎవరి దగ్గర | వచ్చిన తేదీ | వెళ్లిన తేదీ | క్యాలెండర్ రోజులు | పని రోజులు |
|---|---|---|---|---|
| విభాగాధిపతి | జనవరి 3 | జనవరి 4 | 1 | 1 |
| స్టోర్స్ | జనవరి 4 | జనవరి 6 | 2 | 1 |
| ఫైనాన్స్ | జనవరి 6 | జనవరి 10 | 4 | 4 |
| ఇండెంటర్ (ప్రశ్నతో తిరిగి వచ్చింది) | జనవరి 10 | జనవరి 17 | 7 | 3 |
| విభాగాధిపతి, రెండోసారి | జనవరి 17 | జనవరి 18 | 1 | 1 |
| స్టోర్స్, రెండోసారి | జనవరి 18 | జనవరి 20 | 2 | 1 |
| ఫైనాన్స్, రెండోసారి | జనవరి 20 | జనవరి 22 | 2 | 2 |
| ప్లాంట్ హెడ్ | జనవరి 22 | ఇంకా లేదు | 5 | 4 |

ఫైనాన్స్ వారు జనవరి 10న దీన్ని వెనక్కి పంపడానికి కారణం చిన్నదే. ఇండెంట్ మీద వేసిన కాస్ట్ సెంటర్, అంటే ఖర్చు రాసే పద్దు, గత సంవత్సరానిది. సరిదిద్దడానికి రెండు నిమిషాలు పట్టే పని, కానీ ఇండెంటర్ అప్పటికే పండగకు ఊరెళ్లారు. పైగా ఈ సంస్థ సిస్టమ్‌లో ఒక్క గడి మార్చి మళ్లీ పంపినా ఆమోదాలన్నీ చెరిగిపోయి మొదటి నుంచి మొదలవుతాయి. అందుకే విభాగాధిపతి, స్టోర్స్ వారు ఒకసారి చేసిన పనినే మళ్లీ చేయాల్సి వచ్చింది.

ఇప్పుడు ఇది ఎన్ని రోజులుగా ఆగి ఉంది? మొదట పెట్టిన తేదీ నుంచి క్యాలెండర్ ప్రకారం 24, పని రోజుల్లో 17. ఇండెంటర్ సరిదిద్ది మళ్లీ పంపిన తేదీ నుంచి లెక్కిస్తే 10, పని రోజుల్లో 8. ప్రస్తుత దశలోకి వచ్చినప్పటి నుంచి అయితే 5, పని రోజుల్లో 4. మొత్తం ఆరు సంఖ్యలు, ఆరూ సరైనవే. కనుక వాటిలో ఏది వేశారో గడి పైన చెప్పకుండా ఉత్తినే "పెండింగ్ రోజులు" అని రాసిన ట్రాకర్ చూసేవారిని తికమక పెట్టకుండా ఉండదు. ఇండెంటర్‌కు కావలసింది మొత్తం వయసు. ఈరోజు ఎవరికి ఫోను చేయాలో తెలియాలంటే ప్రస్తుత దశ వయసు కావాలి. రెండు ప్రశ్నలూ వేరు కాబట్టి రెండు గడులూ ఉండాలి.

పని రోజుల లెక్కకు స్ప్రెడ్‌షీట్‌లో వాడే సూత్రం ఇది. `E2`లో వచ్చిన తేదీ, `F2`లో వెళ్లిన తేదీ ఉంటాయి. 11 అనే అంకె ఆదివారం ఒక్కటే వారాంతపు సెలవని చెబుతుంది.

```
=MAX(0, NETWORKDAYS.INTL(E2, IF(F2="",TODAY(),F2), 11, Holidays!$A$2:$A$20) - 1)
```

చివర 1 తీసేయడం ఎందుకంటే ఈ ఫంక్షన్ మొదటి రోజును కూడా కలిపి లెక్కిస్తుంది. అది తీయకపోతే ఉదయం వచ్చి సాయంత్రం వెళ్లిపోయిన కాగితం కూడా ఒక రోజు ఆగినట్టు కనిపిస్తుంది. `MAX` లేకపోతే మరో వింత ఎదురవుతుంది. ఆదివారం ఫోనులోనే వచ్చి ఆదివారమే ఆమోదం పొందిన వరుసలో మైనస్ 1 రోజు అని పడుతుంది. ఈ సూత్రంలో ఇంకో మెలిక కూడా ఉంది. రద్దయిన ఇండెంట్లకు వెళ్లిన తేదీ వేయడం ఎవరికీ గుర్తుండదు కాబట్టి `TODAY()` వాటి వయసును ప్రతిరోజూ పెంచుతూనే పోతుంది. ట్రాకర్‌లో 200 రోజులు దాటిన వరుసలు కనిపిస్తే వాటిలో మొదట వెతకవలసింది నిజమైన ఆలస్యాన్ని కాదు, ఈ అనాథ వరుసలను.

## ప్రశ్న వేస్తే గడియారం ఆగాలా

పై పట్టికలో జనవరి 10 నుంచి 17 వరకు ఉన్న ఏడు రోజులు ఎవరి ఖాతాలో వేయాలన్నది ట్రాకర్ల విషయంలో అన్నిటికన్నా గట్టిగా జరిగే వాదన. మా వైపు తప్పు లేదు, తప్పు పద్దు వేసింది ఇండెంటర్, జవాబు ఇవ్వనిది కూడా ఆయనే, కాబట్టి కాగితం మా చేతిలో లేనప్పుడు మా గడియారం ఆగాలి అనేది ఆమోదించేవారి వాదన. న్యాయంగానే ఉంది. ఇండెంటర్ల వాదన వేరు. నాలుగు పని రోజులు దగ్గర పెట్టుకుని అయిదో రోజున అడిగిన ప్రశ్నను మొదటి రోజే అడిగి ఉండవచ్చు కదా, గడువు దగ్గరపడినప్పుడు ఏదో ఒక ప్రశ్న వేసి వెనక్కి నెట్టేస్తే గడియారం సున్నాకు వస్తుందని తెలిసే ఇలా చేస్తున్నారు అని వారంటారు. ఇదీ కొట్టిపారేయదగ్గది కాదు. గడియారాన్ని సున్నాకు తెచ్చే ట్రాకర్లలో ప్రశ్నల సంఖ్య పెరగడం ఆశ్చర్యమేమీ కాదు.

నా దృష్టిలో ఈ వాదన సగం గడియారం గురించి, సగం లెక్క రాసే తీరు గురించి. ప్రతి కదలికనూ పై పట్టికలాగా వేరే వరుసగా నమోదు చేసి, ఏ వరుసనూ చెరపకుండా ఉంచితే గడియారాన్ని ఆపాల్సిన అవసరమే ఉండదు. మొత్తం వయసు 17 పని రోజులుగానే ఉంటుంది, అందులో ఎవరి వాటా ఎంతో విడిగా తేలుతుంది. కలిపి చూస్తే ఫైనాన్స్ 6, ప్లాంట్ హెడ్ 4, ఇండెంటర్ 3, విభాగాధిపతి 2, స్టోర్స్ 2. ఎవరి పాలు వారికి వచ్చింది, మొత్తం 17 సరిపోయింది. ప్రశ్న కారణంగా రెండోసారి జరిగిన పని కూడా ఇందులో దాగి ఉంది. విభాగాధిపతి, స్టోర్స్ వారు రెండోసారి తీసుకున్న రెండు రోజులు అసలు అవసరమే లేనివి.

ఒక ఇబ్బంది మాత్రం మిగులుతుంది. కొన్ని సంస్థల్లో స్టోర్స్‌కూ ఫైనాన్స్‌కూ కాగితం ఒకేసారి వెళుతుంది. అప్పుడు ఒకే రోజు ఇద్దరి ఖాతాలోనూ పడుతుంది కనుక వాటాలు కూడితే మొత్తం వయసును మించిపోతాయి. అది తప్పు కాదు గానీ ట్రాకర్‌లో "ఎవరి దగ్గర" అనే గడికి ఒకే పేరు పట్టే చోటుంటే రెండో పేరు మాయమవుతుంది, ఆ రెండోవారే ఆపుతున్నారని ఎవరికీ తెలియదు.

## ఆ గడిలో ఉన్న పేరు ఎవరిది

మన ఇండెంట్ ప్లాంట్ హెడ్ దగ్గర ఉందని ట్రాకర్ చెబుతోంది. అయితే ఆయన జనవరి 23 నుంచి 25 వరకు సెలవులో ఉన్నారనుకుందాం. ప్రొడక్షన్ అధిపతికి ఇన్‌ఛార్జి బాధ్యతలు ఇస్తూ కాగితం మీద ఉత్తర్వు వచ్చింది, కానీ సిస్టమ్‌లో అధికారం ఎవరూ బదిలీ చేయలేదు. ఇన్‌ఛార్జి తెర ఖాళీగా ఉంది, ప్లాంట్ హెడ్ ఊళ్లో లేరు, ట్రాకర్ ఆయన పేరు ఎదురుగా నాలుగు పని రోజులు లెక్కగట్టింది. అందులో మూడు రోజులు అసలు ఆ దశలో మనిషే లేని రోజులు.

ఇలా జరగడానికి కారణం సిస్టమ్ నిర్మాణంలోనే ఉంది. సంస్థలు వాడే సాప్ వంటి సాఫ్ట్‌వేర్‌లలో ఆమోదం మనిషికి కాకుండా రిలీజ్ కోడ్ అనే ఒక హోదాకు ముడిపడి ఉంటుంది. ఆ కోడ్ ఎదురుగా ఏ పేరు చూపాలనేది ట్రాకర్ తయారుచేసినవారు పెట్టుకున్న వేరే జాబితాలోంచి వస్తుంది. బదిలీ అయి ఆరు నెలలైన అధికారి పేరు ట్రాకర్‌లో ఇంకా కనిపిస్తోందంటే ఆ జాబితాను ఎవరూ ముట్టుకోలేదని అర్థం. స్టోర్స్ లాంటి చోట్ల పేరుకు బదులు "స్టోర్స్ గ్రూప్" అని కనిపిస్తుంది. నలుగురికీ వెళ్లే కాగితం ఎవరిదీ కాదని ఆ నలుగురిలో ఎవరినడిగినా చెబుతారు.

పేర్లు అందరికీ కనిపించాలా వద్దా అన్న విషయంలోనూ రెండు మాటలున్నాయి. పేరు కనిపిస్తే ఫైలు కదులుతుందన్నది అనుభవం చెప్పే మాట. అదే పేరు ఎర్ర రంగులో వారం వారం తెర మీద పడుతుంటే, ఆదివారం రాత్రి ఫోనులో ముప్పై ఇండెంట్లు వరసగా నొక్కేసి సోమవారానికి శుభ్రంగా కనిపించే అధికారులు తయారవుతారన్నది కూడా అనుభవమే. ఈ రెండోది ట్రాకర్‌లో కనిపించదని చాలామంది అనుకుంటారు గానీ కనిపిస్తుంది. ఆమోద సమయాన్ని గంటలు, నిమిషాలతో సహా నమోదు చేస్తే, ఒకే పేరు కింద రెండు నిమిషాల్లో ముప్పై వరుసలు వెళ్లిపోవడం కంటికి ఆనుతుంది.

## తేదీలు ఎక్కడి నుంచి వస్తాయి

సిస్టమ్‌లోంచి ఇండెంట్ల జాబితాను దింపుకొని ట్రాకర్ తయారుచేసేవారు ఎక్కువగా పడే గుంట ఒకటుంది. సాప్‌లో ఇండెంట్ల వివరాలు `EBAN` అనే పట్టికలో ఉంటాయి. ఎవరెవరు ఆమోదించాలో నిర్ణయించే సంప్రదాయ రిలీజ్ స్ట్రాటజీలో `FRGZU` అనే గడి ఎన్ని ఆమోదాలు పడ్డాయో చూపుతుంది, ఎప్పుడు పడ్డాయో చూపదు. ఎప్పుడు అన్నది కావాలంటే మార్పుల చరిత్ర ఉండే `CDHDR`, `CDPOS` పట్టికల్లోకి వెళ్లాలి. ఈ కష్టం ఎందుకని చూస్తే, అదే `EBAN`లో `FRGDT` అనే గడి రిలీజ్ తేదీ అనే పేరుతో సిద్ధంగా కనిపిస్తుంది. దాన్నే ఆమోదం పడిన తేదీగా తీసుకుని ట్రాకర్ కట్టేస్తారు.

ఆ గడిలో ఉన్నది ఆమోదం పడిన తేదీ కాదు. వస్తువు ఫలానా రోజుకు చేతికి రావాలంటే కొనుగోలు పని ఎప్పటికల్లా మొదలవ్వాలో సరఫరా వ్యవధి, పర్చేజ్ వారికి పట్టే సమయం వెనక్కి లెక్కించి సిస్టమ్ వేసుకున్న తేదీ అది. దాన్ని వాడిన ట్రాకర్‌ను పట్టుకోవడం సులభం. ఇంకా ఎవరూ ఆమోదించని ఇండెంట్ల ఎదురుగా కూడా రిలీజ్ తేదీ ఉంటుంది, కొన్నిటి ఎదురుగా వచ్చే నెల తేదీ కూడా ఉంటుంది.

ఇండెంట్‌లో ఒకటి కన్నా ఎక్కువ వస్తువులున్నప్పుడు మరో చిక్కు. ఆమోదం ఇండెంట్ మొత్తానికీ ఒకేసారి పడేలా పెట్టుకోవచ్చు, వస్తువు వారీగానూ పెట్టుకోవచ్చు. రెండో పద్ధతిలో అయిదు వస్తువుల్లో మూడు ఆమోదం పొంది, రెండు ఫైనాన్స్ దగ్గర ఉండిపోవచ్చు. అలాంటిచోట ట్రాకర్‌లో ఇండెంట్‌కు ఒక వరుస కాకుండా వస్తువుకు ఒక వరుస ఉండాలి.

## సగటు చెప్పే తారుమారు కథ

నెలాఖరుకు ట్రాకర్‌లోంచి ఎవరు ఎంత ఆలస్యం చేస్తున్నారో ఒక సగటు తీస్తారు. ఇక్కడ జరిగే పొరపాటు చిన్న లెక్కతో తెలుస్తుంది. ఫైనాన్స్‌కు ఆ నెలలో 40 ఇండెంట్లు వచ్చాయనుకుందాం. 36 ఒక్కొక్క రోజులో వెళ్లిపోయాయి, పద్దు తేలని 4 మాత్రం 12 రోజులుగా ఆగి ఉన్నాయి. ప్లాంట్ హెడ్‌కు వచ్చినవి 5 మాత్రమే. వాటిలో 4 ఒక్కొక్కటి ఆరు రోజులు పట్టి వెళ్లాయి, ఒకటి ఈరోజుకు మూడు రోజులుగా చేతిలో ఉంది.

ట్రాకర్ ఇప్పుడు ఆగి ఉన్నవాటినే చూపుతుంది కనుక సగటు తీస్తే ఫైనాన్స్‌కు 12, ప్లాంట్ హెడ్‌కు 3 వస్తుంది. ఫైనాన్స్ నాలుగింతలు నిదానమని మీటింగులో తేలిపోతుంది. వెళ్లిపోయినవాటినీ కలిపితే ఫైనాన్స్‌కు 40 ఇండెంట్ల మీద పడిన రోజులు 84, సగటు 2.1. ప్లాంట్ హెడ్‌కు 5 మీద 27, సగటు 5.4. తీర్పు తారుమారైంది. పని తొందరగా చేసేవారి దగ్గర మిగిలేవి కష్టమైనవే కాబట్టి, ఆగి ఉన్నవాటి సగటు వారినే ఎక్కువగా శిక్షిస్తుంది. ఆ నాలుగు ఇండెంట్లు మాత్రం నిజంగానే ఇరుక్కున్నాయి, వాటిని విడిగా చూడాల్సిందే. కానీ ఆ విషయం 2.1 అనే సంఖ్యలోనూ కనిపించదు, 12 అనే సంఖ్యలోనూ పూర్తిగా కనిపించదు. పేరుకొక సగటు బదులు, ఎన్ని కాగితాలు ఎన్ని రోజుల లోపల కదిలాయో చూపే చిన్న పట్టిక ఈ రెండిటినీ ఒకచోట చూపుతుంది.

## ట్రాకర్‌లో లేని తేదీ

మళ్లీ సీళ్ల దగ్గరకు వద్దాం. అవి మార్చి 10న జరగాల్సిన పంపు ఓవర్‌హాల్ కోసం. సరఫరాదారు పీఓ అందాక తీసుకునే సమయం 6 వారాలు, అంటే 42 రోజులు. మార్చి 10 నుంచి వెనక్కి లెక్కిస్తే పీఓ జనవరి 27కల్లా వెళ్లాలి. కొటేషన్లు పిలిచి, పోల్చి, ఆర్డరు తయారుచేయడానికి పర్చేజ్ వారికి 10 రోజులు కావాలనుకుంటే, ఆమోదాలన్నీ జనవరి 17కల్లా పూర్తి కావాలి. సరిగ్గా ఆ రోజునే మన కాగితం కాస్ట్ సెంటర్ సరిదిద్దుకుని మళ్లీ మొదటి మెట్టు ఎక్కింది.

జనవరి 27న ట్రాకర్‌లో ఈ వరుస ఆకుపచ్చగా ఉంది. ప్రస్తుత దశలో 4 పని రోజులే, ఎరుపు అయ్యేది 7 దాటాక. అసలు అవసరంతో పోలిస్తే ఇది అప్పటికే 10 రోజులు వెనకబడింది. దాని పక్కనే 15 రోజులుగా ప్లాంట్ హెడ్ దగ్గరున్న ఆఫీసు కుర్చీల ఇండెంట్ ఎర్రగా మెరుస్తోంది, అవి జూన్‌లో వచ్చినా ఎవరికీ నష్టం లేదు. ఆగిన రోజులను బట్టి వరుసలు పేర్చిన ట్రాకర్‌ను చూసి ఆయన ముందు కుర్చీలకే ఆమోదం ఇస్తారు. అవసరమైన తేదీ నుంచి వెనక్కి లెక్కించిన చివరి తేదీని నాలుగో గడిగా చేర్చి దాన్ని బట్టి పేరిస్తే సీళ్లు పైకి వస్తాయి. దీనికీ ఒక పరిమితి ఉంది. ఇండెంటర్లు తమది ముందు కదలాలని అవసరమైన తేదీని ముందుకు జరపడం మొదలుపెడితే నెల తిరిగేలోగా అన్ని వరుసలూ అత్యవసరమే అవుతాయి. ఆ తేదీ పక్కన పని ఉత్తర్వు సంఖ్యో, షట్‌డౌన్ షెడ్యూలో ఆధారంగా చూపించమనడం కొంతవరకు ఆపుతుంది.

జనవరి 28న ప్లాంట్ హెడ్ ఆమోదం పడింది అనుకుందాం. ట్రాకర్‌లోంచి వరుస మాయమవుతుంది. అక్కడి నుంచి పర్చేజ్‌కు 10 రోజులు, సరఫరాకు 42 రోజులు కలిపితే సీళ్లు గేటు దగ్గరకు వచ్చేది మార్చి 21న. ఆమోదాలు నడుస్తుండగానే పర్చేజ్ వారు కొటేషన్లు తెప్పించి పెట్టుకుని ఉంటే మార్చి 11న వచ్చేవి. ఆమోదం లేని ఇండెంట్‌కు ఎంక్వైరీ పంపకూడదని చాలా సంస్థల్లో నియమం ఉంది, బడ్జెట్ కొటేషన్ పేరుతో అనుమతించే సంస్థలూ ఉన్నాయి.